మా అమ్మాయి ఆరేళ్ల పళ్లకి సీలెంట్ వేయించిన అనుభవం

మా బాబుకి పదేళ్లప్పుడు ఒక రాత్రి కింద కుడివైపు దవడ పన్ను నొప్పి అని తెల్లవార్లూ ఏడ్చాడు. నేను పాలపన్నే కదా అనుకున్నాను, మా అత్తయ్యగారు కూడా "ఎలాగూ ఊడిపోయేదే కదమ్మా, లవంగం పెట్టు" అన్నారు. మర్నాడు పిల్లల డెంటిస్ట్ ఎక్స్‌రే చూపించి, ఇది పాలపన్ను కాదమ్మా, ఆరేళ్లకి వచ్చిన శాశ్వత దంతం, ముసలితనం దాకా ఉండాల్సింది అన్నప్పుడు నాకు నోట మాట రాలేదు. ఈ పన్ను రావడానికి పాలపన్ను ఏదీ ఊడక్కర్లేదు, ఆఖరి పాలపన్ను వెనకాల చిగురులోంచి చప్పుడు లేకుండా పైకి వచ్చేస్తుంది, అందుకే మాలాంటి వాళ్లకి తెలియదు. వాడికి రూట్ కెనాల్ చేసి క్యాప్ వేశారు.

అప్పుడు పాపకి ఆరున్నర. "చిన్నదాన్ని కూడా ఒకసారి తీసుకురండి" అన్నారు డాక్టరుగారు. తీసుకెళ్తే నాలుగు మూలలా ఆ పళ్లు అప్పటికే వచ్చి ఉన్నాయి. మూడు పూర్తిగా బయటికొచ్చాయి, కింద ఎడమవైపు దానికి మాత్రం వెనక సగం మీద చిగురు ఇంకా దుప్పటిలా కప్పి ఉంది.

చిన్న అద్దం పెట్టి ఆ పళ్ల మీద గీతలు చూపించారు. కొందరికి అవి లోతు లేకుండా, వెడల్పుగా ఉంటాయట, మా పాపకి మాత్రం కత్తితో గాటు పెట్టినట్టు సన్నగా, లోతుగా ఉన్నాయి. బ్రష్ కుచ్చు ఆ గాటుకన్నా లావు, ఎంత తోమినా అడుగుకి వెళ్లదు. పేస్టులో ఉండే ఫ్లోరైడ్ కూడా పంటి పక్కల్ని కాపాడినంత బాగా ఈ గీతల్ని కాపాడలేదు. అన్నకి పుచ్చింది, పాపకి పాలపళ్లలో కూడా రెండు పుచ్చులున్నాయి, గీతలు లోతు, ఈ మూడూ కలిశాయి కాబట్టి ఆ గీతల్ని పైనుంచి మూసేసే సీలెంట్ అనే పూత వేయిద్దాం అన్నారు. ఇది అందరికీ తప్పనిసరి కాదని కూడా ఆయనే చెప్పారు. మా చెల్లెలి కూతుర్ని చూసి, గీతలు లోతుగా లేవు, ఇంతవరకు ఒక్క పుచ్చూ లేదు, ఇప్పుడు అక్కర్లేదు, ఆరు నెలలకోసారి చూపించండి చాలు అని పంపేశారు. అందుకే ఆయన మాట మీద నాకు నమ్మకం కుదిరింది.

ఇంజెక్షన్ లేదు, డ్రిల్లింగ్ లేదు. ముందు చిన్న బ్రష్ తిప్పి గీతలు శుభ్రం చేశారు, బుగ్గకీ నాలుకకీ మధ్య దూది చుట్టలు పెట్టి, ఉమ్మి లాగేసే గొట్టం తగిలించారు. తర్వాత నీలం రంగు జెల్ ఒకటి గీతల మీద రాశారు. అది ఫాస్ఫారిక్ యాసిడ్, 37 శాతం. యాసిడ్ అనగానే నాకు గుండె జారింది గానీ, అర నిమిషం కూడా ఉంచలేదు, నీళ్లతో బాగా కడిగేశారు. పుల్లగా ఉందని పాప మొహం చిట్లించిందంతే. గాలి కొట్టి ఆరబెట్టాక నన్ను దగ్గరికి పిలిచి చూపించారు. మిగతా పన్నంతా నిగనిగలాడుతోంది, జెల్ రాసిన చోటు మాత్రం ముగ్గుపిండి అద్దినట్టు తెల్లగా, మెరుపు లేకుండా ఉంది. యాసిడ్ ఎనామెల్ మీద కంటికి కనపడని చిన్న చిన్న గుంతలు చేస్తుందని, సీలెంట్ ఆ గుంతల్లోకి దిగి గట్టిపడి పట్టుకుంటుందని, ఈ తెలుపు రాకపోతే అది నిలవదని చెప్పారు.

సరిగ్గా అప్పుడే పాప నాలుక ఎత్తి ఆ పంటిని తాకింది. ఒక్క క్షణమే, కళ్లముందే ఆ తెలుపు మీద తడి తగిలింది. పైపైన తుడిచి కానిచ్చేస్తారేమో అనుకున్నాను, కానీ ఆయన దూది మార్చి, మళ్లీ జెల్ రాసి, కడిగి, ఆరబెట్టి మొదటినుంచీ చేశారు. ఉమ్మి తగిలిన ఎనామెల్ మీద వేస్తే పైకి బాగానే కనిపిస్తుందట, కొన్ని నెలలకే పెచ్చులా లేచిపోతుందట. త్వరగా ఊడిపోయే సీలెంట్లలో ఎక్కువ భాగం ఈ తడి వల్లేనని చెప్పారు. అందుకే ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే, వేసేటప్పుడు పక్కన నిలబడి చూడండి, దూది తడిస్తే మారుస్తున్నారా లేదా అని.

ఆ తర్వాత పని క్షణాల్లో అయిపోయింది. సీలెంట్ మందుని, రెజిన్ అంటారు, తెల్లగా పల్చగా ఉంటుంది, గీతల్లోకి పాకించి, నీలం లైటు 20 సెకన్లు పెట్టారు, గట్టిపడిపోయింది. పైన మిగిలిన జిగురు పొరని తడి దూదితో తుడిచారు. కొక్కెంలాంటి సన్నటి పరికరంతో అంచులు పైకి లాగి చూశారు, ఏమాత్రం లేచినా మళ్లీ వేయాల్సిందేనట. చివర్లో రంగు కాగితం కొరికించి ఎత్తుగా తగిలిన చోట కొద్దిగా అరగదీశారు. మూడు పళ్లకి ముప్పావు గంట పట్టింది.

నాలుగో పంటికి ఆ రోజు రెజిన్ వేయలేదు. చిగురు కప్పి ఉన్నంతకాలం అక్కడ తడి ఊరుతూనే ఉంటుంది. అలాగని వదిలేస్తే, పన్ను సగం బయటికొచ్చి బ్రష్ అందని ఈ నెలల్లోనే పుచ్చు మొదలవ్వచ్చు. అందుకని గ్లాస్ అయానోమర్ అనే వేరే మందు నొక్కి పెట్టారు. అది కాస్త తడినైనా తట్టుకుంటుంది, ఫ్లోరైడ్ కొద్దికొద్దిగా వదులుతుంది, కానీ రెజిన్ అంత కాలం నిలవదు. ఆయన చెప్పినట్టే ఆరు నెలలకి వెళ్లేసరికి అది చాలావరకు పోయింది. అప్పటికి చిగురు వెనక్కి తగ్గింది, పుచ్చు లేదని చూసుకుని రెజిన్ వేశారు.

ఎంతకాలం ఉంటుందని నేను ప్రతిసారీ అడిగేదాన్ని. చక్కగా వేస్తే చాలా ఏళ్లు ఉండొచ్చు, కానీ ఏటా కొన్ని ఎంతో కొంత ఊడుతూనే ఉంటాయి కాబట్టి వేయించేసి మర్చిపోకూడదు అన్నారు. మొదటి రెండేళ్లలో రక్షణ బాగా ఎక్కువ, తర్వాత తగ్గుతుంది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్లు చెప్పే లెక్క ప్రకారం దవడ పళ్లలో పుచ్చుల్ని రెండేళ్లపాటు 80 శాతం దాకా ఆపుతుంది, నాలుగేళ్ల దాకా సగం ఆపుతుంది. మా పాపకి రెండో ఏడు పై కుడి పంటిది వెనక అంచు విరిగింది. నొప్పీ గిప్పీ ఏమీ లేదు, మాకు తెలిసేది కూడా కాదు. పంటిని గుడ్డతో తుడిచి టార్చి వేసి చూస్తుంటే తెల్లటి గీత మధ్యలో తెగి, అక్కడ పంటి గాటు కనిపించింది. తెల్ల రంగుది వేయించుకోవడం వల్ల లాభం ఇదే, రంగులేనిదైతే ఇంట్లో కనిపెట్టలేం. మొత్తం తీయకుండా ఆ ముక్క వరకే మళ్లీ యాసిడ్ రాసి కలిపారు. ఊడిపోతే లోపల ఇంకా పాడవుతుందేమో అని టెన్షన్ పడ్డాను గానీ, అసలు వేయించని పంటికన్నా ఊడిన పంటికి ప్రమాదం ఎక్కువేమీ కాదట.

ఇంకొక సంగతి, సీలెంట్ కాపాడేది నమిలే పైభాగాన్ని మాత్రమే. పన్నుకీ పన్నుకీ మధ్య వచ్చే పుచ్చు దీంతో ఆగదు. పాపకి ఆ రెండు పాలపళ్లలో ఒకటి అలా పక్కనుంచి పుచ్చిందే. అందుకే రాత్రి బ్రష్, పడుకునే ముందు బిస్కెట్ మానడం మాకు తప్పలేదు.

పాపకిప్పుడు తొమ్మిదేళ్లు, నాలుగు పళ్లూ బాగున్నాయి. బాబుకి పన్నెండు దాటింది, రెండో దవడ పళ్లు వచ్చే వయసు. మొన్న ఆదివారం టార్చి వేసి చూస్తే కింద కుడివైపు, క్యాప్ వేసిన పంటికి వెనకాలే, చిగురు కింద కొత్త పంటి కొన కనపడింది. ఇంకా సగం కప్పే ఉంది, వచ్చే నెలకి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.