విరేచనాలు తగ్గాక మా పాపకు ప్రొటీన్ లెక్క ఎలా కట్టాం

ఏడాదిన్నర పాప. జబ్బుకు ముందు 10 కిలోలు. విరేచనాలు కట్టిన రోజు తూకం 9.3కి దిగింది. ఆ అంకెతో మేము లెక్క మొదలుపెట్టలేదు, ఎందుకంటే అందులో నీళ్లు ఎంత పోయాయో, ఒళ్లు ఎంత తగ్గిందో తెలియదు. ఓఆర్‌ఎస్ పట్టి, నాలుక తడిగా ఉండి మూత్రం మామూలుగా వస్తున్నాక మళ్లీ తూచాం: 9.6. నీళ్లతో తిరిగొచ్చింది 300 గ్రాములు. మిగతా 400 గ్రాములు తిండితో రావాల్సినవే.

ఆరోగ్యంగా ఉన్న ఏడాదిన్నర బిడ్డకు కిలోకు రోజుకు 1.03 గ్రాముల ప్రొటీన్ చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 9.6 కిలోలకు అది దాదాపు 10 గ్రాములు. పోయిన బరువు తిరిగి పుంజుకునే రోజుల్లో అది చాలదు. అందుకే కిలోకు 1.5 నుంచి 2 గ్రాములు, అంటే రోజుకు సుమారు 14 నుంచి 19 గ్రాములు పెట్టుకున్నాం. పెద్ద అంకేం కాదు, పొడులూ డబ్బాలూ లేకుండానే అందుతుంది.

పాలు, పెరుగు లెక్క తేలిక. ఆవుపాలు 100 మిల్లీలీటర్లకు 3.2 గ్రాములు. ఆ పాలతో తోడుపెట్టిన పెరుగుకూ 100 గ్రాములకు దాదాపు అంతే, తోడుతో ప్రొటీన్ పెరగదు. పాలకు సమానంగా నీళ్లు కలిపితే, అదే కొలతలో ప్రొటీన్ సగమవుతుంది. మజ్జిగకూ అదే సూత్రం: అందులో ఎంత పెరుగు పోశామో అంతే రాసుకోవాలి, గ్లాసు కొలత రాయకూడదు.

చిక్కంతా పప్పుతోనే. ఎండు పప్పు 100 గ్రాములకు 23 గ్రాముల ప్రొటీన్ అని చూసి, మెదిపిన పప్పు గిన్నెకు అదే వేస్తే లెక్క నాలుగైదు రెట్లు తప్పుతుంది. ఉడికాక బరువులో ఎక్కువ భాగం నీళ్లే. ఎంత నీళ్లన్నది ఆ రోజు కుక్కర్‌ను బట్టి మారుతుంది. అందుకే ఉడికిన పప్పుకు పట్టికలోని అంకె వాడం. ముందు ఖాళీ గిన్నె తూచి పెట్టుకుంటాం. 40 గ్రాముల ఎండు పప్పు వేస్తాం, అంటే గిన్నె మొత్తానికి 9.2 గ్రాముల ప్రొటీన్. ఉడికించి మెదిపాక గిన్నెతో సహా తూచి, గిన్నె బరువు తీసేస్తే 200 గ్రాములు వచ్చిందనుకోండి. పాప అందులో మధ్యాహ్నం 50, సాయంత్రం 40, మొత్తం 90 గ్రాములు తింటే, ఆమెకు చేరింది 4.1 గ్రాములు. అదే పప్పును పల్చగా 320 గ్రాములకు సాగదీస్తే, అదే 90 గ్రాముల్లో 2.6 గ్రాములే. కడుపు నిండుతుంది, లెక్క నిండదు. పైకి తేలిన తేట ఒక్కటే తాగిస్తే ఇంకా తక్కువ. పప్పు అడుగున ఉండిపోతుంది.

పప్పులోని ప్రొటీన్ పాలలోనిదంత పూర్తిగా ఒంటికి పట్టదు. అందుకని మేము దానికి ముప్పావు వంతే వేస్తాం: 4.1కి బదులు 3.1. ప్రొటీన్‌ను కట్టే అమైనో ఆమ్లాల్లో లైసిన్ అన్నంలో తక్కువ, మెథియోనిన్ పప్పులో తక్కువ. రెండూ కలిపి పెడితే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. అన్నంలోని ప్రొటీన్‌ను మాత్రం లెక్కలో కలపం, కొసరుగా వదిలేస్తాం.

ఒక రోజు చిట్టా ఇది. పొద్దున 150, రాత్రి 120 మిల్లీలీటర్ల పాలు: 8.6 గ్రాములు. రెండు పూటలా 60 గ్రాముల చొప్పున పెరుగు: 3.8. పప్పు: 3.1. మొత్తం 15.5, అంటే కిలోకు 1.6. గిన్నెలో మిగిలిందీ, బిబ్‌ మీద ఒలికిందీ తీసేశాక వచ్చిన అంకెలివి. వడ్డించినంతా రాసుకుంటే లెక్క బాగుంటుంది, తూకం మాత్రం కదలదు.

పాలు తాగాక విరేచనం మళ్లీ నీళ్లలా అయితే, ఆ పూట పాలకు బదులు అంతే బరువు పెరుగు పెట్టాం. తోడులో పాల చక్కెర అయిన లాక్టోజ్ కొంత తగ్గుతుంది, ప్రొటీన్ లెక్క మారదు. అంకె చేరడం లేదని పాలే పెంచుకుంటూ పోవడం మాత్రం మంచిది కాదు. రోజుకు 500 మిల్లీలీటర్లు దాటితే ఆకలి చచ్చి పప్పన్నం పక్కకు పోతుంది, పాలలో ఇనుము బహు తక్కువ కాబట్టి రక్తం కూడా తగ్గుతుంది.

ప్రొటీన్ సరిపోయినా బరువు కదలకపోతే ముందు చూడాల్సింది శక్తి. కేలరీలు చాలనప్పుడు ఒళ్లు ప్రొటీన్‌నే కాల్చుకుంటుంది. పప్పన్నంలో ఒక చెంచా, అంటే 5 గ్రాముల నెయ్యి కలిపితే 45 కేలరీలు. జబ్బు తగ్గాక రెండు వారాలు రోజుకు ఒక పూట అదనంగా తినిపించడం కూడా అందుకే.

తూకం వారానికి ఒకసారి, అదే కాటా మీద, పొద్దున తినకముందు, బట్టల్లేకుండా. రోజూ తూస్తే కనబడేది పాలూ మూత్రమూ తప్ప ఒళ్లు కాదు. రెండు వారాలైనా తూకం పెరగకపోయినా, పాదాలు ఉబ్బినా, విరేచనంలో రక్తం కనిపించినా కాగితం పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కిడ్నీ జబ్బున్న బిడ్డకు ఈ కిలో లెక్క వర్తించదు. ఆ అంకె డాక్టరే చెప్పాలి.