పోపు పద్దు: జీలకర్ర చేదెక్కకుండా

విజయనగరం వంటింట్లో ఈ వారమంతా రోజూ అదే కందిపప్పు, శుక్రవారం తప్ప అదే ఇనప పోపు గరిటె. మార్చి చూసింది దినుసులు వేసే వేళ ఒక్కటే. నలుగురికి సరిపడే పప్పులోకి నువ్వుల నూనె 2 టేబుల్ స్పూన్లు, ఆవాలు అర టీస్పూను, జీలకర్ర అర టీస్పూను, ఎండుమిరపకాయలు 2, కరివేపాకు ఒక రెబ్బ.

సోమవారం: ఆవాలు, జీలకర్ర కలిపి వేశాం. ఆవాలు సగం కూడా పేలకముందే జీలకర్ర రంగు తిరిగింది. ఆవాల కోసం ఆగితే అది నల్లబడింది, పప్పు మింగాక గొంతులో చేదు నిలిచింది. ఆవగింజ లోపలి తేమ ఆవిరై తొక్కను పగలగొట్టాలి, దానికి కాస్త వ్యవధి కావాలి. జీలకర్ర సన్నటిది, వేడి ఇట్టే లోపలికి దిగిపోతుంది.

మంగళవారం: ముందు ఆవాలే వేశాం, కానీ నూనె చాలినంత కాగలేదు. చాలా గింజలు పేలకుండా మిగిలాయి, పంటికింద పడితే ఘాటుగా, చేదుగా ఉన్నాయి. ఇక నుంచి ముందు రెండు గింజలు వేసి చూడడమే. అడుగున ఊరకే కూర్చుంటే నూనె కాగలేదు. పడీపడగానే నల్లబడితే మరీ కాగింది, దించి చల్లారనివ్వాలి. రెండు మూడు క్షణాలకు చిటపటమంటే సరైన వేడి.

బుధవారం: నూనె సరిగ్గా కాగింది, వరసా సరిగ్గానే ఉంది. అయినా చేదే. తప్పు ఇనప గరిటెలో ఉంది. పొయ్యి కట్టేసినా మందపాటి ఇనుము వేడి వదలదు. కరివేపాకు వేగేదాకా మంట ఉంచితే, పప్పులో పోసేలోపే జీలకర్ర మాడిపోతోంది.

గురువారం: ఇది కుదిరింది. ఆవాల చిటపట జోరు తగ్గి, ఒకటీ అరా మాత్రమే పేలుతున్నప్పుడు పొయ్యి కట్టేశాం. వెంటనే తుంపిన మిరపకాయలు, జీలకర్ర. ఆ మిగులు వేడి చాలు. 5 నుంచి 8 సెకన్లలో జీలకర్ర ఉబ్బి, వాసన వచ్చి, ఒక ఛాయ ముదిరింది. అంతే, కరివేపాకు వేసేశాం. పచ్చి ఆకులోని నీరు నూనె వేడిని లాగేస్తుంది, అందుకే మాడకుండా ఆపేదీ ఈ ఆకే. కడిగాక గుడ్డతో తప్పకుండా తుడవాలి, చుక్క నీరున్నా నూనె ముఖం మీదికి చిందుతుంది. చిటపట అణగగానే గరిటెను పప్పులో ముంచి, మూత పెట్టి రెండు నిమిషాలు ఉంచాం. చేదు లేదు, ఆకు కూడా పచ్చగానే ఉంది.

శుక్రవారం: పలచటి స్టీలు గరిటెతో అదే చేస్తే జీలకర్ర పచ్చివాసన పోలేదు. స్టీలు త్వరగా చల్లారిపోతుంది కాబట్టి దానికి జీలకర్ర వేశాక మూడు నాలుగు సెకన్లు సన్న మంట ఉంచి, అప్పుడు కట్టాలి. ఏ గరిటెలోనైనా జీలకర్ర నల్లబడితే ఆ నూనె పప్పులో పోయకండి. చేదు నూనెలోకి దిగిపోయి ఉంటుంది, గింజలు ఏరేసినా పోదు. పారబోసి, గరిటె తుడిచి, మళ్లీ పోపు పెట్టాల్సిందే.