ప్రిలిమ్స్ రాసి ఊరెళ్తున్నారా? బెడ్ సంగతి ముందే తేల్చుకోండి

గ్రూప్స్ ప్రిలిమ్స్ అయ్యాక హైదరాబాద్ అశోక్‌నగర్, చిక్కడపల్లిలో ఉండే మనలో చాలామంది కొన్ని నెలలు ఊళ్లో చదువుకుని, మెయిన్స్‌కి మళ్లీ వస్తాం. ఆ మధ్యలో హాస్టల్ బెడ్ ఉంచుకోవాలా, ఖాళీ చేయాలా?

త్రీ షేరింగ్ బెడ్ భోజనంతో కలిపి నెలకు 6,000, ఊరెళ్లేది మూడు నెలలకు అనుకుందాం. మీరు లేకపోతే మేనేజర్‌కి మెస్ ఖర్చు మిగులుతుంది కాబట్టి "సగం కడతానన్నా, బెడ్ ఉంచు" అంటే చాలాచోట్ల ఒప్పుకుంటారు. అప్పుడు మీకయ్యేది 9,000. ఖాళీ చేస్తే అడ్వాన్సులో మెయింటెనెన్స్ కింద ఓ వెయ్యి కోస్తారు, అంతే. అందుకే మామూలు షేరింగ్ బెడ్‌కి నా ఓటు ఖాళీ చేయడానికే. కాకపోతే నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలో చేరినప్పుడిచ్చిన రసీదు వెనక చూడండి. నెల రోజులని ఉంటే పరీక్షకు ముందే చెప్పాలి, లేదంటే అడ్వాన్సు మొత్తం పోతుంది. పుస్తకాల అట్టపెట్టెలు స్టోర్‌రూమ్‌లో పెట్టనిస్తారేమో అడగండి. పెట్టె మీద పేరు, ఫోన్ నంబరు రాయండి. సర్టిఫికెట్లు మాత్రం వెంట తీసుకెళ్లండి.

సింగిల్ రూమ్ అయితే లెక్క వేరు. ఫలితాలు రాగానే అందరూ ఒకేసారి దిగుతారు, అలాంటి గది మళ్లీ దొరకడం కష్టం. అక్కడ ఇలా మాట్లాడొచ్చు: "నేను లేనప్పుడు ఎవరికైనా ఇచ్చుకోండన్నా, వచ్చే పది రోజుల ముందు చెప్తా, ఖాళీ చేయించండి." గది వాళ్లకు ఖాళీగా ఉండదు కాబట్టి మీ దగ్గర తీసుకునేది తగ్గుతుంది. ఉంచేది అదే గదా, ఏదో ఒక గదా అన్నది అప్పుడే స్పష్టంగా అడగండి.

హాస్టల్ కాకుండా అద్దె గదిలో ఉంటే, ఇంటి ఓనర్లకు ఉండే భయం ఇంకోటి. తాళం వేసి వెళ్లిన కుర్రాడు అద్దె ఆపేసి ఫోన్ ఎత్తకపోతే ఆ తాళం పగలగొట్టలేరు, ఇంకొకరికి ఇవ్వలేరు. "అడ్వాన్సులో పట్టుకోండి అంకుల్" అన్నామంటే వాళ్లకు సరిగ్గా ఆ అనుమానమే వస్తుంది. అద్దె తగ్గించమని అడగాలంటే రూపాయల్లో అడగండి, అడ్వాన్సు జోలికి పోవద్దు. ఫ్రెండ్‌ని ఉంచాలనుకుంటే ముందే తీసుకెళ్లి పరిచయం చేసి, అతని ఆధార్ జిరాక్స్ ఇవ్వండి. చెప్పకుండా ఉంచితే, వాళ్లు కనిపెట్టిన రోజే ఇద్దరినీ ఖాళీ చేయమంటారు.

ఎదురుగా మాట్లాడాక అదే వాట్సాప్‌లో పెట్టండి:

"నమస్తే అంకుల్. జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు ఊళ్లో ఉంటాను. అనుకున్నట్టే అద్దె ప్రతి నెల 5లోపు ఫోన్‌పే చేస్తాను, కరెంటు బిల్లు ఫొటో పంపితే అదీ కడతాను. ఒక తాళంచెవి మీ దగ్గరే ఉంది, నీళ్లు లీకైతే తెరవండి. రాలేకపోతే ఆగస్టు 1కే చెప్తాను."

ఆయన "సరే" అని రిప్లై ఇచ్చాకే బస్ టికెట్ తీసుకోండి.