తొందరపడి పెట్టిన మూడు

ఈ సాయంత్రం మా అమ్మాయి ఇంటర్మీడియట్ గణితం నోట్సు తెచ్చి, “నాన్నా, పాదం జారుతుంటే పై కొన వేగం సున్నా ఎలా వస్తుంది?” అని అడిగింది. గోడకు ఆనించిన 5 మీటర్ల నిచ్చెన పాదాన్ని సెకనుకు 20 సెంటీమీటర్ల వేగంతో గోడకు దూరంగా లాగుతుంటే, పాదం గోడకు 3 మీటర్ల దూరంలో ఉన్న క్షణాన పై కొన ఎంత వేగంతో దిగుతుందన్నది ఆ లెక్క.

తప్పు రెండో వరుసలోనే కనిపించింది. గోడ నుంచి పాదం దూరాన్ని x, నేల నుంచి పై కొన ఎత్తును y అనుకుని, x స్థానంలో ముందే 3 పెట్టి, 9 + y² = 25 అని రాసి, ఆపైన అవకలనం చేసింది. అలా రాయగానే పాదం 3 మీటర్ల దగ్గర మేకు కొట్టినట్లు ఆగిపోతుంది కాబట్టి, పై కొన కూడా కదలదు. సున్నా రావడంలో వింతేమీ లేదు.

బొమ్మ మళ్లీ గీయించాను. జారుతున్నంతసేపూ మారనిది నిచ్చెన పొడవు ఒక్కటే కనుక దానికి మాత్రమే అంకె వేసి, మారే దూరాలకు x, y అని అక్షరాలే ఉంచమన్నాను. 3 అన్నది ఒక్క క్షణపు విలువ కనుక దానిని పక్కన విడిగా రాయించాను. అన్ని క్షణాలకూ చెల్లే సంబంధం x² + y² = 25. దీనిని కాలం t పరంగా అవకలనం చేస్తే

2x(dx/dt) + 2y(dy/dt) = 0

వస్తుంది. x, y రెండూ కాలంతో మారుతున్నందువల్లనే dx/dt, dy/dt వచ్చి చేరతాయి. పిల్లలు ఎక్కువగా మరిచిపోయేది వీటినే. అంకెలు పెట్టవలసిన చోటు ఇది. x = 3 అయితే y = 4, dx/dt = 0.2 కాబట్టి dy/dt = −0.15. అంటే పై కొన సెకనుకు 15 సెంటీమీటర్ల వేగంతో దిగుతోంది. ఋణ గుర్తు ఎత్తు తగ్గుతోందని చెబుతుంది.

ఆమెకు నమ్మకం కుదరక క్యాలిక్యులేటర్ తీసింది. సెకనులో పదో వంతు గడిచాక x = 3.02, అప్పుడు y సుమారు 3.985, దిగినది ఒకటిన్నర సెంటీమీటర్ల పైచిలుకు, అంటే సెకనుకు దాదాపు 15.

ఆ తరువాత తానే y = 0.1 పెట్టి చూసి, సెకనుకు దాదాపు 10 మీటర్లు రావడంతో నవ్వింది. పై కొన వేగం పాదం వేగానికి x/y రెట్లు కనుక, y సున్నాకు చేరే కొద్దీ అది హద్దు లేకుండా పెరుగుతుంది. పాదం అదే వేగంతో సాగుతుందనీ, పై కొన చివరి వరకూ గోడను వదలదనీ లెక్క అనుకుంటుంది. నిజమైన నిచ్చెన అంతకు ముందే గోడను వదిలేస్తుంది.

రేపటికి శంఖువు ఆకారపు తొట్టిలో నీళ్లు పోసే లెక్క ఉందట. అందులోనూ ఎత్తుకు అంకె ముందే వేసి ఉంచింది. చూసి, ఏమీ అనకుండా రబ్బరు చేతికిచ్చాను.