నీ ఇల్లు బంగారం గాను

మన బడి బ్యాచ్ సంచిక కమిటీ తరఫున ట్రంకుపెట్టె మూడోసారి ఫోన్ చేసి, "ఒక పేజీ రాసి పంపకపోతే నీ తొమ్మిదో తరగతి ఫొటో ఫుల్ పేజీ వేస్తాం" అన్నాడు. ఆ క్రాపు సంగతి మీకు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

ఆరు, ఏడు తరగతులు నాకసలు గుర్తులేవు. గుర్తున్నదల్లా వేపచెట్టు గదిలో తెలుగు మాస్టారి ఒక్క పీరియడ్.

ఆ రోజు ఆశీరర్థకం. "నీకు శుభం కలుగుగాక" అని బోర్డు మీద రాసి, ఇంట్లో వినేది ఒకటి చెప్పమన్నారు. కిటికీ బ్యాచ్‌లోంచి గోళీ లేచి, "నీ ఇల్లు పాడుగాను అంటుంది సార్ మా నాయనమ్మ" అన్నాడు. ఆ నవ్వులకే కదా బెంచీ విరిగింది! తర్వాత నింద ఎవరు మోశారో ఇక్కడ రాయను.

మాస్టారు మాత్రం నవ్వలేదు. ఆ వాక్యమూ బోర్డు మీదకెక్కించి, దాని కింద "నీ ఇల్లు బంగారం గాను" అని రాశారు. "రెండిట్లోనూ గాను ఒకటే. మధ్యలో ఒక్క మాట మారితే శాపం దీవెనైపోయింది. మీ నాయనమ్మ ఉండేది ఎవరింట్లోరా?"

"మా ఇంట్లోనే సార్."

"మరి పాడయ్యేది ఆవిడ ఇల్లు కూడా కదా! అందుకే తిట్టబోయి, నాలిక్కరుచుకుని బంగారం వైపు తిప్పేస్తారు. అందులోనూ సందెవేళ తథాస్తు దేవతలు తిరుగుతుంటారంటారు. వాళ్ళకు మన ఉద్దేశంతో పనిలేదు, నోట్లోంచి వచ్చిన మాటే లెక్క."

ఆ పీరియడ్ తర్వాతే మా అమ్మ మాటలు నాకు అర్థమయ్యాయి. శాపంలో వచ్చే మాట మామూలుగా కూడా పలకకూడదన్నమాట. అందుకే దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. మంగళసూత్రం తెగదు, పెరుగుతుంది. గడప దాటేవాళ్ళు "వెళ్తాను" అనరు, "వెళ్ళొస్తాను" అంటారు. డబ్బాలో బియ్యం అయిపోతే "నిండుకున్నాయి" అంటారు.

ఈ చివరి మాట నా కొంప ముంచబోయింది. ఇప్పుడు నేనొక ఆసుపత్రిలో స్టోర్స్ మొత్తం చూస్తున్నాను (లెక్కల సారు వింటున్నారా!). చేరిన కొత్తలో ఒక రాత్రి "సెలైన్ నిండుకుంది" అని గ్రూపులో మెసేజ్ పెట్టాను. పట్నంలో పెరిగిన కుర్రాడు నిండుగా ఉందనుకుని ఆర్డర్ పెట్టలేదు. తెల్లవారుజామున పక్క ఆసుపత్రి నుంచి ఇరవై పెట్టెలు అప్పు తెచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అప్పటినుంచి మా రిజిస్టర్లో "సున్నా" అని రాయిస్తున్నాను. ఇంట్లో మాత్రం ఇప్పటికీ బియ్యం నిండుకుంటూనే ఉన్నాయి.

మొన్న గోళీ గృహప్రవేశం పిలుపు పంపాడు. రెండంతస్తులు, ముందు వేపచెట్టు. "నీ ఇల్లు బంగారం గాను" అని మెసేజ్ పెట్టాను. వెంటనే జవాబొచ్చింది: "ఇప్పుడు కాదురా, సాయంత్రం ఆరు దాటాక మళ్ళీ పంపు."