చీర అంచు, చెప్పుల ఎత్తు
మొన్న చెల్లి పెళ్లికి మూడంగుళాల పెన్సిల్ హీల్స్ వేసుకుని, ఆ ఎత్తుకే కంచిపట్టు చీర కట్టుకున్నాను. మండపం ఎక్కేముందు చెప్పులు విప్పాలి కదా, విప్పగానే అంచు అంతా నేల మీద పడింది, తలంబ్రాల పళ్లెం పట్టుకుని నడుస్తుంటే అది కాలి కింద పడి కుచ్చిళ్లు జారిపోయాయి. ఎంత టెన్షన్! పిన్ని పక్కకు తీసుకెళ్లి మళ్లీ దోపింది.

సాయంత్రం రిసెప్షన్‌కి అంగుళంన్నర బ్లాక్ హీల్స్. ముందు అవి వేసుకుని, అంచు నేలకి అర అంగుళం పైన ఉండేలా చీర కట్టించుకున్నాను. మడమ వెడల్పుగా ఉంటే లాన్ గడ్డిలో దిగబడదు, నాలుగు గంటలు నిలబడినా పాదం ముందు భాగం మంట పుట్టలేదు. మీద రాళ్లు, బకిల్స్ ఉన్నవి మాత్రం వద్దు, నడుస్తుంటే ఫాల్ దారం పట్టుకుని లాగేస్తాయి.