కొత్త కీర్తనకు నిదానం ట్రాక్

చర్చిలో స్వరాలు చదవడం రాని పెద్దవాళ్ళకు కొత్త కీర్తన నేర్పాలంటే అసలు రికార్డింగును సాగదీసి పంపితే చాలదు. మరీ సాగితే గొంతు అలుక్కుపోయినట్టు వినిపిస్తుంది, గమకం ఎక్కడ మొదలైందో చెవికి అందదు. పాట వేగం నిమిషానికి 84 దెబ్బలైతే, మెట్రోనోమ్ 60 దగ్గర పెట్టి అదే శ్రుతిలో మళ్ళీ పాడి రికార్డు చేయడమే మేలు. ఒక్క గొంతు, వెనక సన్నగా శ్రుతి, అంతే. తబలా వద్దు.

ప్రతి పాదం తర్వాత, వినేవాళ్ళు తిరిగి పాడేందుకు అంతే నిడివి ఖాళీ వదలండి. తగ్గితే చివరి మాట మింగేసి తర్వాతి పాదానికి పరుగెత్తుతారు.

అసలు చిక్కు ఊపిరి దగ్గర. నిదానం ట్రాకులో "పరి... శుద్ధుడా" అని మధ్యలో ఊపిరి తీస్తే, ఆదివారం అసలు వేగంలోనూ సంఘమంతా అక్కడే తెంపుతుంది. ఊపిరి చాలకపోతే మాట విరవకండి, వేగం 66కి పెంచండి.

కాగితం మీద కూడా ఇదే లెక్క: ఒక ఊపిరికి ఒక వరుస, అక్షరాలు 18 సైజు. ఒకే అక్షరం మూడు స్వరాల మీద సాగితే "దే-ఏ-ఏ-వా" అని స్వరానికొక అచ్చు రాయండి. "దేవా" అని వదిలేస్తే ఒకరు రెండు, ఇంకొకరు నాలుగు స్వరాలు పాడతారు.